వర్క్‌షీట్లలో ఆ గుండ్రటి అక్షరాలు ఎందుకంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

ఒకటి, రెండు తరగతుల వర్క్‌షీట్లు ఈ ఏడాది మారిన సంగతి మీరు గమనించే ఉంటారు. అక్షరాలు పెద్దవయ్యాయి. గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉంటోంది. గీత చివర్లు గుండ్రంగా ఉన్నాయి. పదాల మధ్య, వరసల మధ్య ఖాళీ పెరిగింది. దీని గురించి కొందరు డైరీలో రాశారు, కొందరు సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్తూ అడిగారు. ఎక్కువగా వినిపించిన మాటలు మూడు: మరీ చంటిపిల్లల షీటులా ఉందని, పాఠ్యపుస్తకంలో ఒక రకం అక్షరం, ఇక్కడ ఇంకో రకం ఉంటే పిల్లలు తికమకపడతారని, ఒక పేజీలో అయ్యేదాన్ని రెండు పేజీలు చేశారని. మూడోదాంట్లో నిజం ఉంది. మొదటి రెండింటికీ జవాబు నాలుగు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముద్దుగా ఉంటాయని ఈ అక్షరాలు పెట్టలేదు. ముద్దుగా ఉండే ఫాంట్లు కావాలంటే బోలెడు దొరుకుతాయి. వాటినే ముందు పక్కన పెట్టాను, ఎందుకో కాసేపట్లో చెప్తాను.

వర్క్‌షీటుకీ పుస్తకానికీ తేడా ఉంది. పుస్తకాన్ని పిల్లలు చదువుతారు. వర్క్‌షీటును చదివి, ఆ అక్షరం కిందే, ఆ అక్షరాన్నే చూస్తూ రాస్తారు. అంటే అందులో అచ్చయిన అక్షరం చదవడానికి మాత్రమే కాదు, చేతికి నమూనా కూడా. ఆరేళ్ల పిల్లకి ‘ఇది అచ్చు అక్షరం, నువ్వు రాసేది చేతి అక్షరం, రెండూ కొంచెం వేరుగా ఉంటాయి’ అన్న సంగతి ఇంకా తెలీదు. కంటికి ఏది కనిపిస్తే చెయ్యి అదే చెయ్యబోతుంది.

పుస్తకాల్లో వాడే చాలా ఫాంట్లలో గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. వాలు కలంతో రాసిన రాతకి అది జ్ఞాపకం. పెద్దవాళ్ల కంటికి బాగుంటుంది, పేజీ నిండుగా కనిపిస్తుంది. కానీ పిల్లల చేతిలో ఉన్నది పెన్సిలు. పెన్సిలు గీత లావూ సన్నం కాదు. అలాంటి ఫాంటులో ‘ల’ ఇచ్చి కింద రాయమంటే కొందరు పిల్లలు ఏం చేస్తారో దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. అక్షరం ఒకసారి రాసేస్తారు. తర్వాత తల వంచి పై అక్షరాన్నీ తమ అక్షరాన్నీ పోల్చి చూసుకుంటారు. అచ్చులో లావుగా ఉన్న వంపు దగ్గర పెన్సిలుతో రెండోసారి, మూడోసారి దిద్దుతారు. కొందరైతే ఆ లావు కోసం పక్కపక్కనే రెండు గీతలు గీసి మధ్యలో నింపుతారు కూడా. అప్పుడు వాళ్లు చేస్తున్నది రాయడం కాదు, బొమ్మ వెయ్యడం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి, తలకట్టు ఎప్పుడు పెట్టాలి అన్నది చేతికి అలవాటు కావాల్సిన వయసులో శ్రద్ధంతా లావు నింపడం మీదికి పోతుంది. ఒకే మందంలో, గుండ్రటి చివర్లతో ఉన్న అక్షరం పెన్సిలు చేసే గీతలాగే ఉంటుంది. పిల్లవాడు తను రాసినది పైదానిలా వచ్చిందా లేదా అని చూసుకోగలుగుతాడు. మా తరగతిలో ఆ చూసుకోవడమే సగం పాఠం.

ఇక రెండో కారణం. ఇదే నాకు అసలు కారణం.

మన లిపిలో చాలా అక్షరాలు ఒకదాన్నుంచి ఒకటి చిన్న చిన్న గుర్తులతో విడిపోతాయి. ‘ర’ లోపల చుక్క పడితే ‘ఠ’. ‘ద’ కింద గీత చేరితే ‘ధ’, ఆ ‘ధ’ పొట్టలో చుక్క కూడా పడితే ‘థ’. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ‘ప’, ‘వ’ జత. ‘ప’లో తలకట్టుకీ కింది భాగానికీ మధ్య సన్నని సందు ఉంటుంది, ఎడమ పక్క తెరిచి ఉంటుంది. ‘వ’లో ఆ సందు ఉండదు, ఎడమ పక్క గీత చుట్టు తిరిగి మూసుకుని తలకట్టును తాకుతుంది. ఒక్క సందు ఉండటం, లేకపోవడం, అంతే తేడా. పాత రాతగాళ్లకీ ఈ ఇబ్బంది తెలుసు. కొమ్ము పెట్టేటప్పుడు మిగతా అక్షరాలకి కుడి పక్కన పెడతాం, ‘పు’, ‘ఫు’, ‘వు’లకి మాత్రం కింది నుంచి తిప్పి పెడతాం. అందరిలాగే కుడి పక్కన పెడితే ‘పు’ కాస్తా ‘ఘ’లా, ‘వు’ కాస్తా ‘మ’లా కనిపిస్తుంది మరి.

పెద్దవాళ్లకి ఈ తేడాలు అసలు కనపడవు, ఎందుకంటే మనం అక్షరాన్ని విడిగా చదవం, పదంతో కలిపి చదువుతాం. ‘పడవ’ అన్న పదంలో ‘ప’ సందు మూసుకుపోయినా మన కళ్లు ‘పడవ’ అనే చదివేస్తాయి. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లకి ఆ సాయం లేదు. ఆమెకి ఆ సందే ఆధారం.

ఒకసారి బయట నుంచి తెచ్చిన వర్క్‌షీటు ఇచ్చాం. లావూ సన్నం ఉన్న పుస్తకం ఫాంటు, 14 పాయింట్ల సైజు, దాన్నే ఫోటోకాపీ తీసి పంచాం. అందులో బొమ్మ లేకుండా ‘పడవ’ అన్న పదం ఉంది. ఒక పాప దాన్ని ‘వ...డ...వ’ అని చదివింది. చదివి ఆగింది, అలాంటి మాట లేదని తనకీ తెలుసు. మళ్లీ చూసింది, మళ్లీ అదే చదివింది. అదే పదం బోర్డు మీద రాస్తే తడుముకోకుండా ‘పడవ’ అంది. షీటు తీసుకుని కిటికీ దగ్గర చూశాను. టోనరు ఎక్కువ పడి ‘ప’ తలకట్టు కింద సందు పూడిపోయింది. పాప తప్పు చదవలేదు. కాగితం మీద ఏముందో అదే చదివింది.

అప్పటి నుంచి తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మీరూ ఇంట్లో చెయ్యొచ్చు. షీటులో తప్పు చదివిన పదాన్నే పెద్దగా చేత్తో రాసి చూపించండి. అక్కడా తప్పు చదివితే ఆ అక్షరం ఇంకా రాలేదని అర్థం, నేర్పాలి. అక్కడ సరిగ్గా చదివితే అనుమానించాల్సింది అచ్చును. ఇంకో ఆనవాలు కూడా ఉంది, తప్పులు ఎటు పోతున్నాయో చూడాలి. అక్షరం రాని పిల్ల ఒకసారి ‘ప’ని ‘వ’ అంటుంది, ఇంకోసారి ‘వ’ని ‘ప’ అంటుంది. కాపీ నల్లగా వచ్చి సందులు పూడితే తప్పులన్నీ ఒకే వైపుకి, ‘ప’ నుంచి ‘వ’కి పోతాయి. టోనరు అయిపోవచ్చి కాపీ వెలిసిపోతే సన్నగీతలు తెగుతాయి, అప్పుడు ‘వ’ తెరుచుకుని ‘ప’లా కనిపిస్తుంది, ‘థ’లో చుక్క మాయమై ‘ధ’ అవుతుంది. తరగతిలో నలుగురైదుగురు ఒకే పదం దగ్గర ఒకే వైపు తప్పు చేస్తే నేను ముందు ఆ కాగితాన్ని చూస్తాను.

గీత మందం అంతటా ఒకటే అయితే వెలిసిన కాపీలో ముందుగా తెగిపోయే సన్న భాగం ఉండదు. నల్లటి కాపీలో ముందుగా పూడిపోయే లావు భాగం కూడా ఉండదు. గుండ్రటి, సాదా ఫాంటు ఎంచుకోవడానికి ఇది పెద్ద కారణం. కానీ గుండ్రం అంటే బొద్దు కాదు. ముద్దుగా ఉండేవాటిని పక్కన పెట్టానన్నది అందుకే. Baloo Tammudu 2 లాంటి ఫాంటు చూడటానికి సరదాగా ఉంటుంది, పైన శీర్షికకి హాయిగా వాడుకోవచ్చు. బొద్దు రకాన్ని పాఠం మధ్యలో చిన్న సైజులో పెడితే మాత్రం ‘ప’ సందు, ‘ఠ’ చుక్క చుట్టూ ఉన్న ఖాళీ రెండూ ఇరుకైపోతాయి. కార్టూను అక్షరాల్లా ఉండే ఫాంట్లలో తలకట్టు వంకర్లు పోయి ఒక్కో అక్షరం మీద ఒక్కోలా కూర్చుంటుంది. నమూనాగా వాటిని చూసి రాసే పిల్ల ఏ తలకట్టు నేర్చుకోవాలి? ఏ ఫాంటైనా వాడేముందు నేను చేసేది చిన్న పరీక్షే. ‘ప వ ష, ర ఠ, ద ధ థ, పు ఘ, వు మ’ అని ఒక వరస అచ్చు తీస్తాను. దానికి ఫోటోకాపీ, ఆ కాపీకి మళ్లీ కాపీ. రెండో కాపీలో కూడా అన్నీ విడివిడిగా తెలిస్తే ఫాంటు పనికొస్తుంది. బడిలో పిల్లల చేతికి అందేది ఎలాగూ కాపీకి కాపీయే కదా.

సైజు సంగతి. 14 పాయింట్లంటే పెద్దవాళ్లకి పెద్ద అక్షరమే. అంగుళానికి 72 పాయింట్లు, కాబట్టి 14 పాయింట్లంటే ఐదు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. అయితే ఆ ఐదు మిల్లీమీటర్లూ అక్షరానికి దక్కవు. పైన గుడికి, కింద వత్తుకి చోటు వదలాలి. స్కేలు పెట్టి చూస్తే ఒట్టి అక్షరం ఎత్తు దాదాపు అందులో సగమే ఉంటుంది, వత్తు ఇంకా చిన్నది, మిల్లీమీటరున్నర ఉంటే గొప్ప. ‘ప’ తలకట్టు కింద సందు అయితే పెన్సిలు గీత మందం కంటే కూడా తక్కువ. ‘అమ్మ’, ‘అన్న’, ‘అవ్వ’ మొదటి తరగతి మాటలే. వీటిలో పిల్ల తేల్చుకోవాల్సింది ఎక్కువగా కింద ఉన్న ఆ చిన్న గుర్తునే. పైగా త, న, మ, య, ర, ల ఈ ఆరింటికీ వత్తు రూపం అసలు అక్షరంలా ఉండదు, కొత్తగా నేర్చుకోవాలి. అందుకే సైజు ఎంచుకునేటప్పుడు నేను అక్షరాన్ని చూడను, వత్తును చూస్తాను. మొదటి తరగతికి 28 పాయింట్లు పెట్టాను. అప్పుడు వత్తు మూడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది. రెండో తరగతికి 22. వరసల మధ్య ఖాళీ కూడా అందుకే. అది తక్కువైతే పై వరసలో వత్తు కింది వరసలో గుడికి తగులుతుంది, ‘క్కి’ కింద ‘కీ’ పడిందంటే ఏ గుర్తు ఎవరిదో పిల్లలకి అంతు పట్టదు.

ఇంతా చెప్పాక మీలో చదువుకున్నవాళ్లు ఒకటి అడుగుతారు: గుండ్రటి అక్షరాలతో పిల్లలు బాగా చదువుతారని ఎవరైనా తేల్చారా? సూటిగా అడగాల్సిన ప్రశ్నే, కాబట్టి సూటిగానే చెప్తాను. ఇంగ్లీషు అక్షరాల మీద ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో స్యూ వాకర్, లిండా రేనాల్డ్స్ ఈ పని చేశారు. ఆరేళ్ల పిల్లల చేత, అక్షరాల చివర చిన్న కాళ్లలాంటి గీతలున్న పుస్తకం ఫాంటులోనూ, అవి లేని సాదా ఫాంటులోనూ చదివించి చూశారు. పట్టించుకోదగ్గ తేడా రాలేదు. డిస్లెక్సియా అనే చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకంటూ తయారుచేసిన ప్రత్యేక ఫాంట్లను పరీక్షించినప్పుడు కూడా, లాభం కనిపించిన చోట అది అక్షరాల మధ్య ఖాళీ వల్లే వచ్చిందని, అక్షరం ఆకారం వల్ల కాదని తేలిన సందర్భం ఉంది. కాబట్టి ‘ఈ ఫాంటు పెట్టగానే మా పిల్ల గబగబా చదివేస్తుంది’ అని మీరు ఆశపడకండి, నేనూ అలా చెప్పను. చదవడం వరకే అయితే సైజు, ఖాళీ ఎక్కువ పని చేస్తాయి. అక్షరం ఆకారానికి నేను పట్టుపడుతున్నది పైన చెప్పిన రెండిటి కోసం: రాతకి నమూనా కావాలి, కాపీ తీసినా తేడాలు నిలవాలి. ఆ రెండూ చదివే వేగాన్ని కొలిస్తే తేలేవి కావు.

ఇంగ్లీషు వర్క్‌షీట్ల మీద కూడా ఇదే లెక్క. అక్కడ తేలిగ్గా అర్థమవుతుంది కూడా. చిన్న ‘ఎ’, చిన్న ‘జి’ అక్షరాలు పుస్తకాల్లో ఒకలా, చేతిరాతలో ఒకలా ఉంటాయి. పుస్తకం ‘ఎ’కి నెత్తిన కొక్కెం ఉంటుంది, చేత్తో మనమెవరం ఆ కొక్కెం పెట్టం. పుస్తకం ‘జి’ కింద ఇంకో సున్నా ఉంటుంది. పిల్లల కోసం చేసిన ఫాంట్లలో ఈ రెండూ చేతిరాతలాగే ఉంటాయి. రోజ్‌మేరీ ససూన్ అనే ఆవిడ చేతిరాత మీద పనిచేస్తూ, పిల్లలకి ఎలాంటి అక్షరాలు నచ్చుతున్నాయో వాళ్లనే అడిగి, 1980లలో అలాంటి ఫాంటు ఒకటి తయారుచేశారు. అయితే చిన్న ‘బి’ని ‘డి’లా, ‘డి’ని ‘బి’లా చదివే అలవాటు గుండ్రటి ఫాంటుతో పోదు. గుండ్రటి ఫాంట్లలో ఆ రెండూ అద్దంలో చూసుకున్నట్టే ఉంటాయి, కాబట్టి ఒక్కోసారి అక్కడ కాస్త నష్టమే. దానికి ఫాంటు కాదు మందు, చేత్తో రాయించడమే. తెలుగులో అలా కుడి ఎడమలు తిప్పితే వేరే అక్షరమయ్యే జతలు లేకపోవడం మన అదృష్టం.

మరి పాఠ్యపుస్తకం ఇంకోలా ఉంటే తికమక కాదా? ఒక అక్షరం ఒక రూపంలో గట్టిగా కుదిరాక, దాన్ని వేరే రూపంలో గుర్తుపట్టడం పిల్లలకి కష్టం కాదు. సినిమా పోస్టరు మీద, బస్సు బోర్డు మీద, అమ్మ చేతిరాతలో ఉన్న ‘అ’ని వాళ్లు రోజూ గుర్తుపడుతూనే ఉన్నారు. కష్టమల్లా అసలు రూపం కుదరకముందే నాలుగు రూపాల్లో రాయబోవడం. అందుకే చదవడానికి ఎన్ని రకాలైనా ఇస్తాను, కథల పుస్తకాలు, పాఠ్యపుస్తకం, గోడ మీద చార్టులు. రాయడానికి మాత్రం ఒకటే. ఇంట్లో మీ రాత షీటులోదానిలా లేదని ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. మీరు రాసింది చదవనివ్వండి, దిద్దించేటప్పుడు మాత్రం షీటు ముందు పెట్టండి.

మూడో తరగతిలో దీన్ని తగ్గిస్తాం. మొదటి రెండు నెలలు 18 పాయింట్లు, ఆ తర్వాత ప్రశ్నలు మామూలు పుస్తకం ఫాంటులోనే వస్తాయి. రాయాల్సిన నమూనా పదాలు మాత్రం ఇంకొన్నాళ్లు గుండ్రటి అక్షరంలో ఉంటాయి. ఏడాది చివరికి అదీ ఉండదు. ఎవరైనా పిల్ల అప్పటికీ వత్తుల దగ్గర తడబడుతుంటే ఆమెకి ఇంకొన్నాళ్లు పెద్ద సైజు షీటు ఇస్తాను, దాని గురించి మీతో విడిగా మాట్లాడతాను.

ఇంట్లో మీరే అభ్యాసం షీట్లు టైపు చేస్తామంటే ఒకటి రెండు సంగతులు చెప్తాను. Noto Sans Telugu ఉచితంగా దొరుకుతుంది. గీత చివర్లు మరీ గుండ్రంగా ఉండవుగానీ మందం దాదాపు ఒకేలా ఉంటుంది, అది చాలు. బోల్డ్ పెట్టకండి, సందులు పూడతాయి. అక్షరాలను వాలుగా చేసే ఇటాలిక్ అసలు వద్దు. ఫైలును వర్డ్‌లో కాకుండా పీడీఎఫ్‌గా దాచుకోండి. వర్డ్ ఫైలు ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే అది తనకి తోచిన ఫాంటు పెట్టుకుంటుంది, వరసలు జరిగిపోతాయి, మీరు లెక్కపెట్టి వదిలిన ఖాళీలు పోతాయి. నేను వాట్సాప్‌లో పంపేవన్నీ పీడీఎఫ్‌లే, వాటిని ప్రింటు తీసేటప్పుడు ‘Fit to page’ కాకుండా ‘Actual size’ అన్నది ఎంచుకోండి. ప్రింటరు పేజీని కుదిస్తే నేను వత్తు కోసం పెంచిన సైజు మళ్లీ తగ్గిపోతుంది.

ఇక కాగితం. రెండు పేజీలవుతున్న మాట నిజమే. అందుకని షీటుకి పది ప్రశ్నలు ఇచ్చేచోట ఇప్పుడు ఆరే ఇస్తున్నాను. వెనక వైపు కూడా అచ్చు వేయిద్దామని చూశానుగానీ, పలచటి కాగితం మీద వెనక అక్షరాలు ఇటు కనిపించి ‘ర’లో లేని చుక్కలు పుట్టుకొస్తున్నాయి. మందం కాగితం దొరికే దాకా ఒకవైపే వేస్తాం. ఖాళీగా ఉన్న వెనక వైపు లెక్కలు చేసుకోవడానికి పనికొస్తుంది, షీట్లు పారెయ్యకుండా బ్యాగులో పెట్టి పంపండి.

ఇట్లు,
మీ పిల్లల తరగతి టీచర్